రెండు రోవర్లూ 'ఫిక్స్' అన్నాయి.. హద్దు రాయి మాత్రం రెండు చోట్ల పడింది!
హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్య సెంటీమీటర్ లెక్క ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తప్పుతుంది?

మాదాపూర్ వెనక ఒక గల్లీలో పక్కపక్కనే రెండు ప్లాట్లు. ఒక్కోటి 60 అడుగులు, 40 అడుగులు.. అంటే 267 గజాలు. ఒకాయన ఇల్లు కట్టుకుందామని సర్వేయర్‌ను పిలిపించి నాలుగు మూలలు కొలిపించాడు. వారం తిరక్కుండానే పక్కాయన ఇంకో సర్వేయర్‌ను తెచ్చాడు. ఇద్దరి చేతిలోనూ లక్షలు పోసి కొన్న శాటిలైట్ రిసీవర్లే. రెండు తెరల మీదా FIXED అనే వచ్చింది. పక్కన కచ్చితత్వం 1 సెంటీమీటర్ అని కూడా చూపించింది. కానీ ఇద్దరు ఇచ్చిన కాగితాలు కలిపి చూస్తే ఒకే హద్దు రాయి రెండు చోట్ల ఉంది. మధ్యలో తేడా దాదాపు 1.87 మీటర్లు. ఆరు అడుగుల పైమాటే.

ఆ ఏరియాలో ఆరు అడుగులంటే మాటలా? 60 అడుగుల పొడవున ఆరు అడుగులు జరిగితే 40 గజాలు చేతులు మారినట్టే. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. "మీ సర్వేయర్ పైసలు తిన్నాడు" అని ఒకరు, "మీ మిషనే నకిలీ" అని ఇంకొకరు. నిజానికి ఎవరూ పైసలు తినలేదు, మిషన్లు రెండూ అసలువే. ఎక్కడ తేడా వచ్చిందో తెలియాలంటే ఆ మిషన్ లోపల జరిగే పని కొంచెం తెలుసుకోవాలి.

ఫోనుకు మీటర్లు, రోవర్‌కు సెంటీమీటర్లు ఎందుకు?

మన ఫోన్‌లో జీపీఎస్ చుక్క ఒక్కోసారి రోడ్డుకు అవతల పక్క చూపిస్తుంది. ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. శాటిలైట్ పంపే సిగ్నల్ మీద ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ బయల్దేరిన టైము, చేరిన టైము చూసి ఫోను దూరం లెక్క కడుతుంది. ఈ కోడ్ చాలా ముతక కొలబద్ద. పైగా శాటిలైట్ గడియారంలో స్వల్ప తప్పు, దాని కక్ష్య లెక్కలో తప్పు, ఆకాశం పైపొరల్లో సిగ్నల్ ఆలస్యం.. ఇవన్నీ కలిసి మీటర్లకు మీటర్లు తినేస్తాయి.

సర్వే రిసీవర్ కోడ్‌తో ఆగదు. ఆ కోడ్‌ను మోసుకొచ్చే రేడియో తరంగాన్నే కొలబద్దగా వాడుతుంది. జీపీఎస్ మొదటి ఫ్రీక్వెన్సీలో ఒక తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఆ 19 సెంటీమీటర్లలో మనం ఏ భాగం దగ్గర ఉన్నామో రిసీవర్ కొన్ని మిల్లీమీటర్ల తేడాతో చెప్పగలదు. కానీ ఇక్కడే ఒక తిరకాసు ఉంది. బట్టల షాపులో ఒక టేపు ఇచ్చారనుకోండి. సెంటీమీటర్ల గీతలు శుభ్రంగా కనిపిస్తున్నాయి, కానీ అది ఎన్నో మీటరో చెప్పే అంకెలు మాత్రం చెరిగిపోయాయి. "ఏదో ఒక మీటరు, దాని మీద 37 సెంటీమీటర్లు" అని చెప్పగలం. ఎన్ని మీటర్లంటే చెప్పలేం. రిసీవర్ పరిస్థితీ ఇదే. శాటిలైట్‌కూ తనకూ మధ్య ఎన్ని పూర్తి తరంగాలు ఉన్నాయో దానికి తెలియదు. ఇరవై వేల కిలోమీటర్ల పైన ఉండే శాటిలైట్ అది. ఆ సంఖ్య కోట్లలో ఉంటుంది.

ఆ పూర్తి సంఖ్యను కనిపెట్టడమే ఈ విద్యలో అసలు పని. తెర మీద SINGLE అని ఉంటే అది ఫోను లాంటి కొలతే. FLOAT అని ఉంటే తరంగాలతో లెక్క మొదలైంది కానీ పూర్తి సంఖ్యలు ఇంకా తేలలేదు, తేడా పదుల సెంటీమీటర్లలో ఉండొచ్చు. FIXED అంటే సంఖ్యలు తేలాయని రిసీవర్ నమ్ముతోంది. 'నమ్ముతోంది' అనే మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

బేస్ లేనిదే రోవర్ లేదు

ఆ సంఖ్య తేలాలంటే ముందు ఆకాశం నుంచి వచ్చే తప్పులు తీసేయాలి. అందుకు రెండో రిసీవర్ కావాలి. దాన్ని ఒక చోట కదలకుండా పెడతారు. దాని పేరు బేస్. సర్వేయర్ కర్ర మీద పెట్టుకుని తిరిగేది రోవర్. రెండింటికీ ఒకే శాటిలైట్లు కనిపిస్తాయి. దగ్గర దగ్గరగా ఉంటే రెండింటికీ ఆకాశం చేసే తప్పు కూడా దాదాపు ఒకటే. బేస్ తన కొలతలను సెకనుకోసారి రోవర్‌కు పంపుతుంది. రోవర్ తన దాంట్లోంచి వాటిని తీసేస్తే ఉమ్మడి తప్పులు ఎగిరిపోతాయి. మిగిలిన దాంతో పూర్తి తరంగాల సంఖ్య తేలుతుంది. ఇదంతా నిలబడిన చోటే, అప్పటికప్పుడే జరుగుతుంది కాబట్టి 'రియల్ టైమ్ కైనమాటిక్', పొట్టిగా ఆర్‌టీకే అంటారు.

బేస్ దూరమయ్యే కొద్దీ రెండు చోట్ల ఆకాశం ఒకేలా ఉండదు. మంచి రిసీవర్లకు కంపెనీలు ఇచ్చే లెక్క సాధారణంగా అడ్డంగా 8 మిల్లీమీటర్లు, దానికి తోడు కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ ఆవరణలో HYDE అనే పేరుతో అంతర్జాతీయ నెట్‌వర్క్‌కు చెందిన శాశ్వత స్టేషన్ ఒకటి ఉంది. అక్కడి నుంచి హైటెక్ సిటీకి గాలి దారిన 18 కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరంలో బేస్ ఉంటే ఒక్క దూరం వల్లే దాదాపు 2 సెంటీమీటర్లు కలుస్తాయి. అదే బేస్ పక్క గల్లీలో ఉంటే ఆ భాగం లేనట్టే.

బేస్ నుంచి రోవర్‌కు కబురు చేర్చడానికి పాత పద్ధతి రేడియో. పొలాల్లో అది బాగా పనిచేస్తుంది. కాంక్రీటు మేడల మధ్య మాత్రం రెండు గల్లీలు దాటేసరికి కట్ అవుతుంది. అందుకే సిటీలో ఎక్కువ మంది ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకుంటారు. దీన్ని ఎన్‌ట్రిప్ అంటారు. కంట్రోలర్‌లో సిమ్ కార్డు వేసి, సర్వర్ అడ్రసు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడితే చాలు. సొంత బేస్ కూడా అక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా ఎప్పుడూ నడిచే బేస్ స్టేషన్లు పెట్టింది. వీటినే కోర్స్ అంటారు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం విడుదల చేసిన జియోస్పేషియల్ మార్గదర్శకాల తర్వాత భారతీయ సంస్థలు, వ్యక్తులు ఇలాంటి సేవలు వాడుకునే దారి సులువైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలుపెట్టిన భూముల రీసర్వే నడిచింది కూడా ఈ కోర్స్ స్టేషన్లు, డ్రోన్లు, రోవర్ల మీదే.

మొదటి సర్వేయర్ ఎక్కడ తప్పాడు?

ఇప్పుడు మన గల్లీకి వద్దాం. రెండో సర్వేయర్ కోర్స్ సేవ వాడాడు. మొదటాయన దగ్గర సొంత బేస్ ఉంది. దాన్ని ప్లాటు ఎదురుగా ఉన్న రెండంతస్తుల ఇంటి డాబా మీద ట్రైపాడ్ వేసి పెట్టాడు. చోటు మంచిదే, ఆకాశం నాలుగు దిక్కులా తెరిచి ఉంది. ఆ తర్వాత బేస్‌కు "నువ్వు ఎక్కడున్నావో" చెప్పాలి. ఆ స్థానం కచ్చితంగా తెలిసిన పాయింట్ కాదు. అందుకని కంట్రోలర్‌లో Here అనే బటన్ నొక్కాడు. అంటే బేస్ ఫోను లాగా తనంతట తాను తన చోటు అంచనా వేసుకుంది. ఆ అంచనాలో తప్పు దాదాపు రెండు మీటర్లు.

ఆర్‌టీకేలో చాలామందికి తెలియని సంగతి ఇదే. రోవర్ తాను భూమి మీద ఎక్కడుందో నేరుగా కొలవదు. బేస్ నుంచి ఎటు, ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. ఆ ఎటు, ఎంత అనేది సెంటీమీటర్‌కు కరెక్టు. బేస్ చోటు రెండు మీటర్లు తప్పుగా రాస్తే, ఆ బేస్ మీద కొలిచిన ప్రతి పాయింటూ అదే దిక్కుకు అదే రెండు మీటర్లు జరుగుతుంది. తెర మీద ఆ సంగతి ఎక్కడా కనిపించదు. FIXED అనే ఉంటుంది, 1 సెంటీమీటర్ అనే ఉంటుంది. రోవర్ అబద్ధం చెప్పడం లేదు, తనను అడిగిన దానికే జవాబు చెబుతోంది.

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక్కో మూలకు తేడా తీయాలి. మొదటి మూలలో తూర్పుకు 1.62 మీటర్లు, దక్షిణానికి 0.94 మీటర్ల తేడా వచ్చింది. రెండో మూలలో 1.63, 0.93. మూడో మూలలో 1.61, 0.95. అన్నీ ఒకే దిక్కు, ఒకే కొలత. భుజాల పొడవులు చూస్తే ఇద్దరివీ సెంటీమీటర్ తేడాతో కలుస్తున్నాయి. ఎవరైనా గోడ జరిపితే ఇలా రాదు, ఒక పక్కే జరుగుతుంది. ప్లాటు మొత్తం రేకులా జరిగిందంటే తప్పు బేస్‌దే.

సరిదిద్దడానికి ప్లాటు మళ్లీ కొలవాల్సిన పని లేదు. మొదటాయన డాబా మీద బేస్ పెట్టిన చోట మేకు గుర్తు వేశాడు, అది మంచి అలవాటు. రెండో సర్వేయర్ కోర్స్ రోవర్‌తో ఆ మేకును కొలిచాడు. అసలు చోటుకూ, రాసుకున్న చోటుకూ తేడా తూర్పుకు 1.62, దక్షిణానికి 0.94 అని తేలింది. ఆ అంకెలను మొదటాయన పాయింట్లన్నిటిలోంచి తీసేస్తే మూడు మూలలు 2 సెంటీమీటర్ల లోపే కలిశాయి. ఆ మేకు లేకపోతే ఈ పనికి ఇంకో రోజు పోయేది.

ఇదే జబ్బుకు ఇంకో రూపం ఉంది. మన ఇండియా ఉన్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం వైపు జరుగుతోంది. ప్రపంచ లెక్కలో ఇరవై ఏళ్ల కిందటి తేదీకి కట్టిన అంకెలకూ, ఈ రోజుటి అంకెలకూ తేడా మీటరు దాకా ఉంటుంది. కాబట్టి బేస్ అంకెలు 'ఏ సంవత్సరానివి' అన్నది కూడా కాగితం మీద ఉండాలి. ఇద్దరు సర్వేయర్లు వేర్వేరు సేవలు వాడితే, ఇద్దరూ ఏ తప్పూ చేయకుండానే పదుల సెంటీమీటర్లు తేడా పడే అవకాశం ఉంది.

నాలుగో మూల మాత్రం కలవలేదు

నాలుగో మూల దగ్గర తేడా సరిదిద్దాక కూడా 38 సెంటీమీటర్లు మిగిలింది. ఆ మూలకు ఆనుకుని పది అంతస్తుల అద్దాల ఆఫీసు బిల్డింగ్ ఉంది. ఈసారి తప్పు రెండో సర్వేయర్‌ది.. కాదు, ఆయన నమ్మిన FIXEDది.

మామూలుగా శాటిలైట్ సిగ్నల్ నేరుగా రోవర్‌కు రావాలి. అద్దాల గోడ పక్కన నిలబడితే ఆకాశంలో సగం మూసుకుపోతుంది. మిగిలిన సిగ్నళ్లలో కొన్ని ఎదురు మేడ అద్దానికి తగిలి చుట్టుదారిలో వస్తాయి. రోవర్‌కు ఏది నేరుగా వచ్చిందో, ఏది తిరిగొచ్చిందో అన్నివేళలా తెలియదు. తిరిగొచ్చిన సిగ్నల్ నేరు సిగ్నల్‌తో కలిస్తే తరంగం కొలతలో వచ్చే తప్పు ఐదు సెంటీమీటర్లు దాటదు. అంతవరకైతే సర్దుకోవచ్చు. కానీ కోడ్ కొలత మీటర్ల కొద్దీ చెడిపోతుంది. దాంతో పూర్తి తరంగాల సంఖ్య తేల్చేటప్పుడు రోవర్ తప్పు సంఖ్యను పట్టుకుంటుంది. చెరిగిపోయిన టేపు మీద ఐదో మీటరును ఆరో మీటరు అనుకున్నట్టు. అప్పుడు తప్పు పదుల సెంటీమీటర్లకు వెళ్తుంది, తెర మాత్రం ధీమాగా FIXED అంటుంది.

ఈ 38 సెంటీమీటర్ల విలువ చూడండి. ఒక మూల మాత్రమే లోపలికి జరిగితే 60 అడుగుల భుజం మీద ఒక త్రిభుజం పోతుంది. 18.29 మీటర్లను 0.38తో గుణించి సగం చేస్తే సుమారు 3.5 చదరపు మీటర్లు, అంటే 4 గజాల పైన. రెండు మీటర్ల తప్పును ఎవరైనా కంటితో పసిగడతారు. ఇలాంటి అడుగు, అడుగున్నర తప్పే ప్రమాదం. అది నిజమైన ఆక్రమణలా కనిపిస్తుంది.

దొంగ ఫిక్స్‌ను పట్టుకునే దారి ఒకటే. రోవర్‌ను మరిచిపోయేలా చేసి మళ్లీ అడగాలి. పాయింట్ కొలిచాక రిసీవర్‌కు సిగ్నల్ తెగేలా చేసి, లేదా మెనూలో రీసెట్ కొట్టి, కొత్తగా ఫిక్స్ తెచ్చుకుని అదే రాయి మీద ఇంకోసారి కొలవాలి. వెంటనే కొలిస్తే ఆకాశం అలాగే ఉంటుంది కాబట్టి అదే తప్పు మళ్లీ రావొచ్చు. కనీసం అరగంట ఆగితే శాటిలైట్లు కదులుతాయి, అద్దం మీద పడే కోణాలు మారతాయి. "రేపు ఇదే టైముకు వస్తా" అనడం మాత్రం పెద్దగా పనికిరాదు. జీపీఎస్ శాటిలైట్లు రోజూ దాదాపు నాలుగు నిమిషాలు ముందుగా అదే చోటుకు వస్తాయి. నిన్నటి ఆకాశమే ఈ రోజూ ఉంటుంది, దాంతో పాటు నిన్నటి తప్పూ వచ్చే వీలుంది. రావాలంటే మూడు నాలుగు గంటలు అటూ ఇటూ మార్చి రావాలి.

నాలుగో మూల దగ్గర మూడుసార్లు కొత్త ఫిక్స్ తెచ్చారు. రెండు కొలతలు ఒకదానికొకటి 3 సెంటీమీటర్లలో కలిశాయి, మూడోది 40 సెంటీమీటర్ల అవతల పడింది. ఇక్కడ సగటు తీస్తే ఘోరం. ఒక సరైన అంకెను ఒక తప్పు అంకెతో కలిపితే వచ్చేది ఇంకో తప్పే. మెజారిటీ చూసి తేల్చడమూ పూర్తి భరోసా కాదు. అలాంటి చోట రోవర్‌ను పక్కన పెట్టడమే తెలివి.

సర్వేయర్లు అదే చేశారు. గల్లీ చివర ఖాళీ జాగాలో, ఆకాశం తెరిచి ఉన్న చోట, 45 మీటర్ల ఎడంతో రెండు పాయింట్లు ఆర్‌టీకేతో వేశారు. ఒక్కోదాన్ని రెండుసార్లు కొలిచారు. ఒకదాని మీద టోటల్ స్టేషన్ పెట్టి, రెండోదానికి గురి చూసి దిక్కు తెచ్చుకుని, అక్కడి నుంచి నాలుగో మూలను కొలిచారు. టోటల్ స్టేషన్‌కు ఆకాశంతో పని లేదు, కంటికి కనిపిస్తే చాలు. మొదటాయన సరిదిద్దిన అంకెతో 2 సెంటీమీటర్లలో కలిసింది. రాయదుర్గం మెట్రో పిల్లర్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద, పెద్ద చెట్ల నీడలో కూడా ఇదే పద్ధతి. ఆ చోట్ల రోవర్ ఒక్కదానితోనే పని కానిచ్చేశామని ఎవరైనా చెబితే అనుమానించాల్సిందే.

టైము సంగతి కూడా ఉంది. హైదరాబాద్ భూమధ్యరేఖకు దగ్గర. ఆకాశం పైపొర అయిన అయనోస్ఫియర్ మన మీద బలంగా ఉంటుంది. ముఖ్యంగా మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో సూర్యుడు చురుగ్గా ఉన్న సంవత్సరాల్లో, పొద్దుగూకాక కొన్ని గంటలు సిగ్నళ్లు వణుకుతాయి. అప్పుడు FIXED వచ్చి వచ్చి FLOATకు జారిపోతుంటుంది. మగ్రిబ్ దాటాక ట్రాఫిక్ తగ్గుతుందని సర్వే పెట్టుకునేవాళ్లు ఇది గమనించాలి. పొద్దున్నే చేసుకోవడం మేలు.

టేపు చెప్పేది వేరు, రోవర్ చెప్పేది వేరు

ఇంకో తగాదా కూడా తరచూ చూస్తుంటాం. పెద్ద జాగాల్లో టేపు పట్టి కొలిస్తే 100 మీటర్లు వస్తుంది. రోవర్ అంకెలతో లెక్క కడితే 100 మీటర్ల 4.7 సెంటీమీటర్లు వస్తుంది. రెండూ తప్పు కాదు.

గుండ్రటి భూమిని చదును కాగితం మీద వేయాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి. మన సర్వేయర్లు ఎక్కువగా వాడే పద్ధతి కంట్రోలర్‌లో WGS 84 / UTM zone 44N అని కనిపిస్తుంది. ఈ జోన్ 78 డిగ్రీల రేఖాంశం నుంచి 84 డిగ్రీల వరకు ఉంటుంది. నడుమ గీత 81 డిగ్రీల దగ్గర. నడుమ గీతకు దూరమయ్యే కొద్దీ సాగదీత పెరుగుతుంది. హైటెక్ సిటీ 78.38 డిగ్రీల దగ్గర, అంటే జోన్ అంచున ఉంది. వికారాబాద్ చేరేసరికి జోనే మారిపోతుంది. అంచున ఉండటం వల్ల సాగదీత ఎక్కువ. మనం సముద్రం కంటే ఎత్తులో ఉండటం దాన్ని కొంచెం తగ్గిస్తుంది. రెండూ కలిపితే 100 మీటర్లకు సుమారు 4.7 సెంటీమీటర్లు మిగులుతాయి.

267 గజాల ప్లాటుకు ఇది పావు గజం. పట్టించుకోనక్కర్లేదు. ఎకరానికి మాత్రం నాలుగున్నర గజాలు ఎక్కువ కనిపిస్తుంది. కంట్రోలర్‌లో 'గ్రౌండ్ డిస్టెన్స్' అని మార్చుకునే వీలు ఉంటుంది. అమ్మకం కాగితంలో విస్తీర్ణం రాసేటప్పుడు ఏ లెక్కో అడగడం తప్పు కాదు.

చెరువు గట్టున ఎత్తే అసలు సమస్య

2024 ఆగస్టులో దుర్గం చెరువు చుట్టుపక్కల ఇళ్లకు ఎఫ్‌టీఎల్ నోటీసులు వచ్చినప్పుడు చాలామంది సొంతంగా సర్వేలు చేయించుకున్నారు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో ఆ మట్టం. అది హద్దు రాయి లాంటిది కాదు, ఒక ఎత్తు. ఇక్కడ ఆర్‌టీకే బలహీనత బయటపడుతుంది. ఎత్తులో దాని తప్పు అడ్డం కొలతకు దాదాపు రెట్టింపు ఉంటుంది. శాటిలైట్లన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు కదా.

పైగా రోవర్ చెప్పే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు. భూమికి గణితం గీసిన నునుపైన ఆకారం ఒకటి ఉంది, దాని మీద నుంచి లెక్క. హైదరాబాద్‌లో ఆ రెండింటికీ తేడా సుమారు 76 మీటర్లు. సముద్ర మట్టానికి 550 మీటర్లున్న చోటును రోవర్ 474 అని చూపిస్తుంది. ఈ తేడాను సరిచేయడానికి జియాయిడ్ మోడల్ అనే పట్టిక కంట్రోలర్‌లో వేయాలి. వేయకపోతే 76 మీటర్ల తేడా కాబట్టి ఎవరికైనా తెలిసిపోతుంది. సరిపడని మోడల్ వేస్తే మాత్రం తేడా పదుల సెంటీమీటర్లలో ఉండి ఎవరికీ తెలియదు.

గట్టు వాలు వందకు ఒకటి అనుకోండి, అంటే 100 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కే నేల. అక్కడ ఎత్తులో 5 సెంటీమీటర్ల తప్పు వస్తే ఎఫ్‌టీఎల్ గీత నేల మీద 5 మీటర్లు జరుగుతుంది. ఒక ఇల్లు లోపలా బయటా అన్నది అక్కడే తేలిపోతుంది. అలాంటి చోట అలుగు మట్టం నుంచి, లేదా ఎత్తు తెలిసిన బెంచ్‌మార్క్ నుంచి లెవెల్ మిషన్ పట్టుకుని రావాల్సిందే. ఉత్త రోవర్ ఎత్తులతో గీసిన ఎఫ్‌టీఎల్ మ్యాపు ఎవరిచ్చినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, దాని వెనక లెవెలింగ్ పుస్తకం అడగాలి.

సర్వే కాగితంలో ఏముండాలి?

తెలంగాణలో భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చాక లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు. రోవర్ పట్టుకున్న వాళ్లు గల్లీ గల్లీకి కనిపించే రోజులివి. మన గల్లీలో ఇద్దరు సర్వేయర్లు చివరికి కలిసి ఇచ్చిన రిపోర్టు రెండు పేజీలు. బేస్ ఏది, దాని అంకెలు ఎక్కడివి, ఏ సంవత్సరానివి అన్నది మొదటి లైన్లోనే ఉంది. ప్రతి మూలకూ రెండు కొలతలు, రెండు టైములు రాశారు. పని మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించేటప్పుడు ఒకసారి తెలిసిన పాయింట్‌ను కొలిచి వచ్చిన తేడా రాశారు. నాలుగో మూల ఎదురుగా 'టోటల్ స్టేషన్' అని ఉంది. కర్ర ఎత్తు 2.000 మీటర్లు అని కూడా ఉంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రెండు మీటర్ల కర్ర ఒక్క డిగ్రీ వంగితే కొన మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. చేత్తో పట్టుకోకుండా కాళ్లున్న స్టాండ్ వాడారా అని చూసేది అందుకే.

ఆ రిపోర్టు ప్రకారం పాత హద్దు రాయి ఉన్న చోటే ఉంది. ఇద్దరు యజమానులూ దాని పక్కన నిలబడి ఉండగా రెండో సర్వేయర్ చివరిసారి కొలిచాడు. 1.4 సెంటీమీటర్ల తేడా చూపించింది. "అది రాయి అంచుదా, మిషన్‌దా సాబ్?" అని ఇంటాయన అడిగాడు. సర్వేయర్ నవ్వి, రాయి వెడల్పే 15 సెంటీమీటర్లు ఉంది, దాని మధ్యలో ముందు ఒక గీత కొట్టించండి అన్నాడు. మేస్త్రీ ఉలి తెచ్చాడు.